పుండుకు చిల్లు పడితే

జీర్ణాశయంలో గానీ, దాని తర్వాత మొదలయ్యే చిన్నపేగు తొలిభాగం డుయోడినంలో గానీ పుట్టిన అల్సర్ మొదట లోపలి పొరను మాత్రమే కొరుకుతుంది. ఆమ్లం ఆగకుండా తగులుతుంటే పుండు లోతుగా దిగి కండరపు పొరను దాటుతుంది. చివరికి బయటి పొర కూడా తెగి గోడకు ఆరపార చిల్లు పడుతుంది. దీన్నే పర్ఫరేషన్ అంటారు. ఆసుపత్రి బయట నిలబడిన బంధువులు 'పేగుకు హోల్ పడిందంట' అని చెప్పుకునేది చాలాసార్లు ఈ జబ్బు గురించే. ఆ చిల్లు ఎక్కువమందిలో అర సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది. అంత చిన్న రంధ్రం పన్నెండు గంటల్లో మనిషిని ప్రాణాపాయంలోకి నెట్టగలదు.

ఎక్కువగా చిల్లు పడేది డుయోడినం మొదటి భాగంలో, అదీ ముందువైపు గోడకు. వెనకవైపు గోడ వెంట పెద్ద రక్తనాళం ఒకటి పోతుంటుంది, క్లోమం కూడా అక్కడే ఆనుకుని ఉంటుంది. కాబట్టి వెనక గోడలో పుండు లోతుకు దిగితే రక్తనాళం తెగి రక్తపు వాంతులు, తారులా నల్లటి విరేచనాలు అవుతాయి. ముందు గోడకు అలాంటి అడ్డు ఏదీ లేదు. అక్కడ పుండు తెగితే పేగులో ఉన్నదంతా నేరుగా పొట్టలోని ఖాళీలోకి పడుతుంది. ఒకే జబ్బు కొద్దిపాటి దూరం తేడాతో రెండు వేర్వేరు ప్రమాదాలుగా మారుతుందన్నమాట.

ఈ పుండ్లకు ముఖ్య కారణాలు రెండు. మొదటిది హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే వైద్యులు 1982లో దీన్ని పెంచి చూపించారు. ఒత్తిడి వల్ల, కారం వల్ల అల్సర్ వస్తుందని నమ్ముతున్న రోజులవి. ఎవరూ ఒప్పుకోకపోతే మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి, తన జీర్ణాశయం వాచిపోయిందని రుజువు చేశాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. రెండో కారణం నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి నొప్పిని తగ్గించే పనిలోనే, జీర్ణాశయపు గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని కూడా ఆపేస్తాయి. జిగురు పొర పలచబడుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, ఆమ్లానికి ఎదురు ఉండదు. పొగతాగడం ఈ రెండింటికీ తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది. నొప్పి మాత్రలతో పాటు స్టెరాయిడ్లు వాడేవారిలోనూ అంతే.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పి తీరాలి. మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటే, లేదా మాత్రకు బదులు ఇంజెక్షన్ చేయించుకుంటే కడుపుకు ఏమీ కాదని మన ఊళ్లలో గట్టి నమ్మకం. అన్నం తిన్నాక వేసుకుంటే మంట కొంత తగ్గవచ్చు. కానీ ఈ మందులు అసలు హాని చేసేది రక్తంలో కలిసి, గోడ లోపలి రక్షణను దెబ్బతీయడం ద్వారా. తుంటికి చేసిన ఇంజెక్షన్ కూడా ఆ పని చేస్తుంది. పైగా నొప్పి మాత్రల వల్ల వచ్చే పుండు చాలామందిలో ముందుగా నొప్పి చూపించదు. మాత్రే ఆ నొప్పిని కప్పేస్తుంది. అందుకే 'నాకు ఎప్పుడూ అల్సర్ లేదు' అని చెప్పే మనిషిలో కూడా మొదటి లక్షణమే పర్ఫరేషన్ కావచ్చు.

జబ్బు నడక అర్థం కావడానికి ఆసుపత్రుల్లో తరచూ కనిపించే తీరులో ఒక కేసును ఊహించుకుందాం. వయసు నలభై ఆరు, తాపీ మేస్త్రీ, బరువు అరవై కిలోలు. మోకాళ్ల నొప్పులకు మూడు వారాలుగా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ రోజుకు రెండు మాత్రలు వేసుకుంటున్నాడు. బీడీ అలవాటు ఇరవై ఏళ్లది. ఒకరోజు తెల్లవారుజామున ఐదు గంటలకు పైపొట్టలో ఒక్కసారిగా నొప్పి లేచింది. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే ఇలాంటివారు గంటా నిమిషంతో సహా చెబుతారు. అది గుర్తుపెట్టుకోదగ్గ ఆనవాలు. గ్యాస్ నొప్పి, పిత్తాశయపు నొప్పి, అపెండిసైటిస్ మెల్లగా పెరిగేవి. క్షణంలో తారస్థాయికి చేరిన నొప్పి అంటే లోపల ఏదో తెగింది, పగిలింది, లేదా మూసుకుపోయింది అని అనుమానించాలి.

చిల్లు పడగానే బయటికి వచ్చేది ఘాటైన ఆమ్లం, పైత్యరసం, క్లోమరసం, కొంచెం ఆహారం, కొంచెం గాలి. పొట్ట లోపలి గోడను పెరిటోనియం అనే పలచని పొర కప్పి ఉంచుతుంది. పేగులను కప్పే భాగానికి నొప్పి తెలిసే తీరు అస్పష్టంగా ఉంటుంది, ఎక్కడ నొప్పి అంటే చెప్పలేం. పొట్ట గోడకు లోపల పరచుకున్న భాగానికి మాత్రం చర్మానికి, పొట్ట కండరాలకు వచ్చే నరాలే వస్తాయి. ఆమ్లం తగిలిన చోట ఆ నరాలు రేగి, అవే నరాలు నడిపే కండరాలను బిగించేస్తాయి. మనిషి ప్రమేయం లేకుండా పొట్ట కండరాలన్నీ ఒకేసారి బిగుసుకుని చెక్క పలకలా అవుతాయి. దీన్నే వైద్యులు రిజిడిటీ అంటారు. మామూలుగా పొట్ట నొక్కితే భయంతోనో, నొప్పితోనో బిగించడం వేరు. అలాంటి బిగింపు మాటల్లో పెడితే, నిట్టూర్పు విడిచినప్పుడు వదులవుతుంది. పర్ఫరేషన్ బిగింపు మాటల్లో పెట్టినా, మోకాళ్లు మడిచినా, శ్వాస వదిలినా వదలదు.

రోగి పడుకున్న తీరు కూడా చాలా చెబుతుంది. కిడ్నీ రాయి నొప్పి ఉన్నవారు మంచం మీద దొర్లుతారు, లేస్తారు, నడుస్తారు, ఎక్కడా నిలవరు. మేస్త్రీ మాత్రం మోకాళ్లు కొద్దిగా ముడుచుకుని కదలకుండా పడుకున్నాడు. ఊపిరి కూడా పైపైనే తీస్తున్నాడు. ఎందుకంటే పొట్ట ఏ మాత్రం కదిలినా ఆమ్లం పూసుకున్న పొరలు రాసుకుని నొప్పి రెట్టింపవుతుంది. మంచాన్ని ఎవరైనా తగిలినా ముఖం చిట్లిస్తాడు. కొందరికి నొప్పి కుడి భుజం కొన మీద కూడా తెలుస్తుంది. డయాఫ్రమ్‌కు పోయే నరం మెడ దగ్గర పుడుతుంది. భుజానికి వచ్చే నరాలదీ అదే మూలం. డయాఫ్రమ్ కింద ఆమ్లం చేరితే మెదడు దాన్ని భుజం నొప్పిగా లెక్కగడుతుంది.

ద్రవం కుడివైపు పేగు పక్కనున్న దారి వెంట కిందికి జారుతుంది కాబట్టి నొప్పి కుడి కిందిపొట్టకు దిగి అపెండిసైటిస్‌ను తలపించవచ్చు. మూకీ సినిమాల కాలంలో హాలీవుడ్‌ను ఊపేసిన నటుడు రుడాల్ఫ్ వాలెంటినో 1926 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని ఒక హోటల్‌లో కుప్పకూలాడు. అపెండిసైటిస్‌ను తలపించే లక్షణాలతో శస్త్రచికిత్సకు తీసుకెళితే జీర్ణాశయంలో చిల్లుపడ్డ అల్సర్ బయటపడింది. పెరిటోనియం వాచిపోయింది, తర్వాత ఊపిరితిత్తుల చుట్టూ కూడా వాపు వచ్చింది. పెన్సిలిన్ ఇంకా రాని రోజులు. ఆగస్టు 23న, ముప్ఫై ఒకటో ఏట ఆయన మరణించాడు. కుడి కిందిపొట్ట నొప్పిగా కనిపించే ఇలాంటి పర్ఫరేషన్‌ను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

అసలు మోసం ఆ తర్వాత మొదలవుతుంది. మేస్త్రీకి ఏడు, ఎనిమిది గంటలకల్లా నొప్పి కొంత తగ్గింది. పక్కింటివారు 'గ్యాస్ వల్లే' అన్నారు. ఊళ్లోని ఆర్‌ఎంపీ వచ్చి ఒక నొప్పి ఇంజెక్షన్ చేశాడు. మనిషి కొంచెం తేలికపడ్డాడు. నిజానికి చిల్లు మూసుకోలేదు. ఆమ్లం తగిలిన పెరిటోనియం పెద్ద ఎత్తున నీటిని ఊరిస్తుంది. ఆ నీరు ఆమ్లాన్ని పలచబరుస్తుంది. అందుకే నొప్పి తగ్గినట్టు ఉంటుంది. ఈ దశ చిల్లు పడిన రెండు గంటల నుంచి సుమారు పన్నెండు గంటల దాకా నడవవచ్చు. మొదటి రెండు గంటల్లో జరిగింది ఆమ్లపు కాలిన గాయం, దానిలో క్రిములు ఇంకా పెద్దగా లేవు. పన్నెండు గంటలు దాటేకొద్దీ క్రిములు పెరిగి చీము పట్టే దశ వస్తుంది. పేగుల కదలిక ఆగిపోతుంది, పొట్ట ఉబ్బుతుంది, నాడి వేగం పెరుగుతుంది, రక్తపోటు పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది. అప్పటికి బిగుసుకున్న పొట్ట కండరాలు అలసి మెత్తబడవచ్చు కూడా. పొట్ట మెత్తబడిందని సంతోషించినవాళ్లు ఈ జబ్బులో చాలాసార్లు మోసపోయారు. కాబట్టి ఒక్కసారిగా లేచి, తర్వాత సగం తగ్గిన పైపొట్ట నొప్పిని తగ్గిన నొప్పిగా లెక్కవేయకూడదు. పరీక్షించే చేతికి పొట్ట ఇంకా గట్టిగానే తగులుతుంది, నాడి ఇంకా వేగంగానే ఉంటుంది. నొప్పి తగ్గినా ఈ రెండూ తగ్గవు.

మేస్త్రీని ఉదయం పదకొండుకు జిల్లా ఆసుపత్రికి తెచ్చారు. అంటే చిల్లు పడి ఆరు గంటలైంది. నాడి నిమిషానికి 124, రక్తపోటు 90/60. పొట్ట మీద వేలితో తట్టి చూస్తే, కాలేయం ఉన్నచోట రావలసిన మొద్దు శబ్దం బదులు డొల్ల శబ్దం వచ్చింది. గట్టిగా ఉండే కాలేయానికీ, పొట్ట గోడకూ మధ్య గాలి చేరిందని ఆ శబ్దం చెబుతుంది. దీన్ని తేల్చడానికి తీసేది ఛాతీ ఎక్స్‌రే. పొట్ట జబ్బుకు ఛాతీ ఫిల్మ్ ఎందుకని బంధువులు అడగడం సహజం. ప్రశ్న న్యాయమైనది, జవాబు వివరంగా చెప్పదగ్గది.

పేగులూ జీర్ణాశయమూ లోపల గాలితో ఉంటాయి. కానీ వాటి బయట, పెరిటోనియం పొరల మధ్య ఖాళీలో ఆరోగ్యవంతుడిలో గాలి అసలు ఉండదు. అక్కడ గాలి కనిపించిందంటే, ఈమధ్య పొట్ట ఆపరేషన్ జరిగి ఉండకపోతే, గాలి ఉండే అవయవం ఏదో చిల్లు పడిందని అర్థం. ఆ గాలి ఎక్కడ చేరుతుందనేది మనిషి ఉన్న స్థితిని బట్టి ఉంటుంది. కూర్చుంటే గాలి పైకి పోయి, పొట్ట కప్పు లాంటి డయాఫ్రమ్ కిందికి చేరుతుంది. ఆ డయాఫ్రమ్ రెండు గుమ్మటాలూ ఛాతీ ఫిల్మ్‌లోనే పూర్తిగా పడతాయి. అంతే కాదు. ఛాతీ ఫిల్మ్‌లో కిరణం డయాఫ్రమ్ ఎత్తుకు దగ్గరగా, దాని గుమ్మటాన్ని పక్కనుంచి తాకుతూ పోతుంది. పొట్ట ఫిల్మ్‌లో కిరణపు కేంద్రం బాగా కిందికి ఉంటుంది కాబట్టి డయాఫ్రమ్ ఏటవాలుగా పడి, సన్నని గాలి గీత అందులో కలిసిపోతుంది. పైగా పొట్ట ఫిల్మ్‌కు ఎక్కువ కిరణాలు వాడతారు, ఆ మోతాదులో డయాఫ్రమ్ చుట్టూ అంతా నల్లగా మాడిపోతుంది.

ఎక్స్‌రేలో గాలి నల్లగా, కాలేయం వంటి గట్టి అవయవం తెల్లగా కనిపిస్తాయి. మామూలు ఫిల్మ్‌లో కుడి ఊపిరితిత్తి నల్లగా ఉండి, దాని కింద డయాఫ్రమ్, కాలేయం కలిసి ఒకే తెల్లటి ముద్దగా ఉంటాయి. డయాఫ్రమ్‌ను విడిగా గుర్తుపట్టలేం. చిల్లు పడినప్పుడు గాలి డయాఫ్రమ్‌కూ కాలేయానికీ మధ్య దూరుతుంది. అప్పుడు డయాఫ్రమ్ పైన ఊపిరితిత్తి నలుపు, కింద గాలి నలుపు మధ్య సన్నని తెల్లటి గీతగా విడివడి కనిపిస్తుంది. దాని కింది నలుపు నెలవంక ఆకారంలో ఉంటుంది. చూడవలసింది కుడివైపునే. ఎడమవైపు డయాఫ్రమ్ కింద జీర్ణాశయం ఉంటుంది, దానిలోని గాలి బుడగ ఆరోగ్యవంతుల ఫిల్మ్‌లోనూ కనిపిస్తుంది. దాన్ని చూసి చిల్లు అనుకోవడం, అసలు చిల్లు గాలిని ఆ బుడగే అనుకుని వదిలేయడం రెండూ జరిగే పొరపాట్లే.

మరో మోసం అరుదైనది. కొందరిలో పెద్దపేగు మెలిక ఒకటి కాలేయానికీ డయాఫ్రమ్‌కూ మధ్యకు చేరుతుంది. అందులోని గాలి కూడా కుడి డయాఫ్రమ్ కింద నల్లగానే కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే ఆ నలుపులో పెద్దపేగు మడతల అడ్డగీతలు ఉంటాయి. మనిషికి పొట్ట నొప్పి, బిగువు లేకపోతే ఇది గుర్తుండాలి. లేకపోతే అనవసరంగా కత్తి పట్టవలసి వస్తుంది.

ఫిల్మ్ తీయడంలో ఒక షరతు ఉంది. రోగిని ముందే కూర్చోబెట్టి పది నుంచి పదిహేను నిమిషాలు అలాగే ఉంచాలి. పొట్టలో చెల్లాచెదురుగా ఉన్న గాలి బుడగలు పేగుల మధ్య నుంచి పైకి చేరడానికి అంత సమయం పడుతుంది. నొప్పితో అల్లాడే మనిషిని ట్రాలీ మీద పడుకోబెట్టి ఫిల్మ్ తీస్తే గాలి పొట్ట ముందుభాగానికి పోతుంది, డయాఫ్రమ్ కింద ఏమీ కనిపించదు. కూర్చోలేనివారిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, అడ్డంగా కిరణం పంపి తీస్తే గాలి కాలేయం పక్కన కనిపిస్తుంది. సరిగా తీస్తే ఒకటి రెండు మిల్లీలీటర్ల గాలి కూడా ఫిల్మ్‌లో దొరుకుతుంది. అది ఒక సాధారణ సిరంజిలో సగం కంటే తక్కువ.

అయినా చిల్లు పడిన ప్రతి నలుగురైదుగురిలో ఒకరి ఫిల్మ్‌లో గాలి కనిపించదు. చిల్లును కాలేయమో, ఒమెంటం అనే కొవ్వు తెరో వెంటనే అతుక్కుని కప్పేసి ఉండవచ్చు. అప్పుడు గాలి బయటికి రాదు, ద్రవం మాత్రం కొంత వచ్చి ఉంటుంది. అందుకే నెలవంక కనిపిస్తే చిల్లు ఖాయం, కనిపించకపోతే లేదని చెప్పడానికి వీలులేదు. పొట్ట గట్టిగా ఉండి ఫిల్మ్ మామూలుగా ఉంటే సీటీ స్కాన్ చేయాలి. సీటీ చిన్నచిన్న గాలి బుడగలను కూడా పట్టుకుంటుంది, చిల్లు ఏ వైపునో చాలాసార్లు చెబుతుంది. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త కూడా ఉంది. ఇలాంటివారి రక్తంలో అమైలేజ్ పెరగవచ్చు. పేగులోంచి కారిన క్లోమరసం పెరిటోనియం ద్వారా రక్తంలోకి పీల్చుకుపోవడమే కారణం. దాన్ని చూసి పాంక్రియాటైటిస్ అని మందులతో సరిపెడితే విలువైన గంటలు పోతాయి. గుండెపోటు కూడా ఒక్కోసారి పైపొట్ట నొప్పిగా వస్తుంది కాబట్టి ఈసీజీ తీయాలి. అనుమానం ఉన్నప్పుడు ఎండోస్కోపీ మాత్రం చేయకూడదు. అందులో లోపలికి ఊదే గాలి చిల్లును పెద్దది చేస్తుంది.

మేస్త్రీ ఫిల్మ్‌లో కుడి డయాఫ్రమ్ కింద పలచని నెలవంక స్పష్టంగా కనిపించింది. అక్కడి నుంచి రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి మనిషిని ఆపరేషన్‌కు తట్టుకునేలా సిద్ధం చేయడం, రెండోది థియేటర్‌ను సిద్ధం చేయడం. నోటితో నీళ్లు కూడా ఇవ్వకూడదు. ముక్కు ద్వారా జీర్ణాశయంలోకి గొట్టం వేసి లోపలున్న ద్రవాన్ని పీలుస్తుంటే చిల్లు గుండా కారేది తగ్గుతుంది. రెండు సెలైన్ లైన్లు పెట్టి రింగర్ లాక్టేట్ వేగంగా ఎక్కిస్తారు. పొట్టలోకి ఊరిన నీరంతా రక్తంలోంచే పోయింది కాబట్టి పైకి రక్తం కనిపించకపోయినా మనిషి లీటర్ల కొద్దీ ద్రవం కోల్పోయి ఉంటాడు. మూత్రనాళంలో గొట్టం వేసి గంటగంటకూ కొలుస్తారు. గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు మూత్రం రావాలి, అంటే మేస్త్రీకి ముప్ఫై. క్రిములను చంపే యాంటీబయోటిక్స్, ఆమ్లాన్ని ఆపే పాంటప్రజోల్ నరానికి ఇస్తారు. నొప్పి తగ్గించే మందు కూడా ఇవ్వాలి. ఒకప్పుడు లక్షణాలు దాగిపోతాయని నొప్పి మందు ఆపేసేవారు, అది సరికాదని తేలింది. కాకపోతే ఇవ్వవలసింది డాక్టర్ చేతిలో, మార్ఫిన్ వంటివి. ఇంట్లో మళ్లీ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకోవడం మాత్రం ప్రమాదం.

రెండు లీటర్లు ఎక్కాక మేస్త్రీ రక్తపోటు 110/70కి వచ్చింది, మూత్రం గంటకు నలభై మిల్లీలీటర్లు వచ్చింది. సిద్ధం చేసే పని గంట, గంటన్నరలో ముగియాలి. డెన్మార్క్‌లో రెండున్నర వేలకు పైగా ఇలాంటి రోగులను పరిశీలించినప్పుడు, ఆసుపత్రిలో చేరాక ఆపరేషన్‌కు ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం ముందటి గంటతో పోలిస్తే 2.4 శాతం తగ్గుతూ పోయింది. చేరేముందు ఇంట్లో పోయిన గంటలు వేరు. ముందునుంచే గుండె, కిడ్నీ వంటి పెద్ద జబ్బులు ఉండటం, ఆపరేషన్‌కు ముందే రక్తపోటు పడిపోయి ఉండటం, చిల్లు పడి ఇరవై నాలుగు గంటలు దాటడం అనే మూడు అంశాలను చూసి శస్త్రవైద్యులు ముప్పును అంచనా వేస్తారు. మూడూ లేనివారు దాదాపు అందరూ బయటపడతారు. మూడూ ఉంటే పరిస్థితి చాలా కష్టం.

ఆపరేషన్ పూర్తి మత్తులో జరుగుతుంది. రొమ్ము ఎముక కింద నుంచి బొడ్డు దాకా నిలువుగా కోత పెడతారు. పొట్ట తెరవగానే గాలి బుస్సుమని బయటికి వస్తుంది, పైత్యం కలిసిన పసుపుపచ్చ ద్రవం, తిన్న మెతుకులు కనిపిస్తాయి. దాన్ని పీల్చేశాక జీర్ణాశయం చివర, కవాటం దాటిన చోట వేలితో వెతుకుతారు. మేస్త్రీకి డుయోడినం ముందు గోడలో అయిదు మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లు ఉంది, దాని చుట్టూ అంగుళం మేర గోడ వాచి మెత్తబడి ఉంది.

చిల్లును నేరుగా కుట్టేసి ముడి బిగిస్తే చాలనుకుంటే పొరపాటు. వాచిన గోడలో బిగించిన దారం జున్నులో దిగినట్టు తెగిపోతుంది. దీనికి వాడే ఉపాయం వేల్స్‌కు చెందిన సెల్లన్-జోన్స్ 1929లో, కెనడాలోని టొరంటోకు చెందిన రాస్కో గ్రాహమ్ 1937లో రాసినది. చిల్లుకు రెండు వైపులా, పుండు అంచు నుంచి కాస్త దూరంగా ఆరోగ్యంగా ఉన్న గోడలో మూడు కుట్లు వేసి ముడి వేయకుండా వదిలేస్తారు. పేగులను కప్పి ఉండే ఒమెంటంలో రక్తనాళాలు చెడకుండా ఒక నాలుకంత ముక్కను తెచ్చి చిల్లు మీద పరుస్తారు. వేసి ఉంచిన దారాలను దాని మీదుగా, అది అక్కడే నిలిచేంత మేరకే ముడి వేస్తారు. మరీ బిగిస్తే ఒమెంటంకు రక్తం ఆగి ఎండిపోతుంది. మరీ వదులైతే ద్రవం కారుతుంది. ఒమెంటం కొన్ని గంటల్లోనే అంటుకుంటుంది, రక్తనాళాలు అందులోంచి పెరుగుతాయి, చిల్లు లోపలి నుంచి మానుతుంది. కుట్లను అడ్డంగా కాక పేగు పొడవు వెంట అమర్చి ఇరుకు కాకుండా చూస్తారు. తర్వాత ముక్కు గొట్టం ద్వారా గాలి పంపి, పైన సెలైన్ పోసి బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. బుడగలు రాకపోతే పొట్టంతా గోరువెచ్చని సెలైన్‌తో, ద్రవం తేటగా వచ్చేదాకా కడుగుతారు. దీనికి చాలా లీటర్లు పడుతుంది. డయాఫ్రమ్ కింద, కటి ప్రాంతంలో నిలిచిన ద్రవాన్ని కూడా వదలకూడదు. అక్కడే తర్వాత చీము గడ్డలు కడతాయి.

చిల్లు జీర్ణాశయంలోనే ఉంటే ఒక పని అదనం. దాని అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. అక్కడి చిల్లు క్యాన్సర్‌దై ఉండే అవకాశం ఉంది, డుయోడినంలో అది దాదాపు లేదు. రెండు సెంటీమీటర్లు దాటిన పెద్ద చిల్లుకు ఈ అతుకు సరిపోకపోవచ్చు, అప్పుడు పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది. గతంలో ఇలాంటి రాత్రుల్లోనే అల్సర్ మళ్లీ రాకుండా నరాలు కోసేయడం, జీర్ణాశయంలో కొంత తీసేయడం వంటివి కూడా చేసేవారు. బాక్టీరియా సంగతి తెలిశాక, ఆమ్లాన్ని గట్టిగా ఆపే మందులు వచ్చాక, నీరసించిన రోగి మీద అంత భారం మోపడం మానేశారు. ఇదే అతుకును లాప్రోస్కోపీతోనూ, అంటే మూడు నాలుగు చిన్న రంధ్రాల ద్వారా వేయవచ్చు. రోగి స్థిరంగా ఉండి, త్వరగా వచ్చి, చేతికి అలవాటున్న శస్త్రవైద్యుడు ఉంటే కోత నొప్పి తక్కువగా ఉంటుంది. రక్తపోటు పడిపోయినవారికి, చాలా ఆలస్యంగా వచ్చినవారికి తెరిచే ఆపరేషనే క్షేమం.

ఆపరేషన్ లేకుండా మానదా అనే ప్రశ్న కూడా ఉంది. చిల్లు తానే అతుక్కున్నట్టు నిర్ధారణ అయిన కొందరిలో ముక్కు గొట్టం, సెలైన్, యాంటీబయోటిక్స్‌తో నెట్టుకురావచ్చు. హాంకాంగ్‌లో 1989లో వెలువడిన ఒక పోలికలో నలభై మందిని ఇలా చూస్తే పదకొండు మందికి పన్నెండు గంటల తర్వాత ఆపరేషన్ తప్పలేదు. డెబ్బై ఏళ్లు దాటినవారిలో ఈ పద్ధతి సరిగా పనిచేయలేదు. కాబట్టి ఇది రెండు గంటలకోసారి పొట్ట తడిమి చూసే వైద్యులూ, ఎప్పుడంటే అప్పుడు థియేటర్‌లోకి తీసుకెళ్లగలిగే వసతీ ఉన్నచోట మాత్రమే ఆలోచించదగ్గది. చిన్న ఊరి నర్సింగ్ హోమ్‌లో 'చూద్దాం' అనడానికి ఇది ఆధారం కాదు.

మేస్త్రీకి మూడో రోజున పేగులు కదిలాయి, ముక్కు గొట్టం తీసి నీళ్లు మొదలుపెట్టారు. వారం లోపు కనిపెట్టవలసిన ప్రమాదం అతుకు జారి మళ్లీ కారడం. అది మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య ఎక్కువగా బయటపడుతుంది. జ్వరం, తగ్గిన నాడి మళ్లీ పెరగడం, డ్రెయిన్‌లో పసుపుపచ్చ పైత్యం రావడం దాని గుర్తులు. నెమ్మదించిన మనిషి ఉన్నట్టుండి ఎక్కిళ్లు, జ్వరం చూపిస్తే డయాఫ్రమ్ కింద చీము కట్టిందేమో చూడాలి. మేస్త్రీకి ఇవేవీ రాలేదు. ఎనిమిదో రోజున ఇంటికి పంపారు.

అతుకు వేయడంతో అల్సర్ పోదు. హెలికోబాక్టర్ ఉందేమో తేల్చి చంపకపోతే మళ్లీ పుండు పడుతుంది. హాంకాంగ్‌లోనే 2000లో వెలువడిన అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత బాక్టీరియాను తొలగించినవారిలో ఏడాది నాటికి 4.8 శాతం మందికి అల్సర్ తిరిగొచ్చింది, ఆమ్లం తగ్గించే మందు మాత్రమే వాడినవారిలో 38.1 శాతం మందికి తిరిగొచ్చింది. మేస్త్రీకి మలపరీక్షలో బాక్టీరియా ఉందని తేలింది. రెండు వారాలపాటు ఆమ్లం తగ్గించే మందుతో పాటు యాంటీబయోటిక్స్ కలిపి ఇచ్చారు. మధ్యలో ఆపేస్తే బాక్టీరియా మందులకు లొంగకుండా తయారవుతుంది. కోర్సు ముగిసిన నాలుగు వారాల తర్వాత పోయిందో లేదో మళ్లీ పరీక్షించాలి. ఆ పరీక్షకు రెండు వారాల ముందు నుంచి ఆమ్లం తగ్గించే మందు ఆపాలి, లేకపోతే బాక్టీరియా ఉన్నా లేదని చూపించవచ్చు. మోకాళ్ల నొప్పికి పారాసెటమాల్ రాసి, బీడీ మానమన్నారు. డైక్లోఫెనాక్ వంటి మాత్ర ఎప్పుడైనా తప్పనిసరైతే ఆమ్లం తగ్గించే మందు తోడుగా, డాక్టర్ చెప్పినన్ని రోజులు మాత్రమే వాడాలని డిశ్చార్జ్ చీటీ మీద రాసిచ్చారు.